గోడ మీద లేని చెమ్మ

కొన్నేళ్ళ కిందట హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో పనిచేసేవాణ్ణి. ఇంకా పునాదులైనా పడని అపార్ట్‌మెంట్లకి త్రీడీ వాక్‌త్రూలు చెయ్యడం మా పని. కొనేవాళ్ళు మౌస్ పట్టుకుని, లేని ఫ్లాట్‌లో హాలూ వంటగదీ తిరిగి చూసుకోవచ్చు. ఒకరోజు ఒక బిల్డర్ వచ్చి తెర ముందు కూర్చున్నారు. కాసేపు తిప్పి చూసి, హాల్లో స్తంభం పక్కన తెల్లగోడ మీద వేలు పెట్టి, "ఇదేంటండీ, కట్టకముందే గోడకి చెమ్మ పట్టించారు?" అన్నారు.

ఆయన అన్నది నిజమే. స్తంభం అంచు వెంబడి, పై నుంచి కింద దాకా, గోడ మీద మసి రాసినట్టు ఒక నల్లటి పట్టీ. అంచు దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పల్చగా. మా కుర్రాడు వెంటనే "గోడ టెక్స్‌చర్ మారుస్తాను సార్" అన్నాడు. నేను మౌస్ కొంచెం పక్కకి జరిపాను. స్తంభం తెర మీద ఎడమకి కదిలింది. మరక కూడా దాన్ని అంటిపెట్టుకుని ఎడమకి కదిలింది. గోడకి పట్టిన చెమ్మ కాళ్ళొచ్చినట్టు నడవదు కదా. గోడలో ఏ లోపమూ లేదు.

ఆ మరకని గ్రాఫిక్స్‌వాళ్ళు హేలో అంటారు. దేవుడి పటంలో తల వెనకుండే వెలుగుచక్రానికి కూడా అదే పేరు. ఇది మాత్రం చాలాసార్లు నల్లది. పుట్టేది స్క్రీన్ స్పేస్ యాంబియంట్ అక్లూజన్ అనే చోట. పేరు పొడుగు కాబట్టి పనిలో అందరూ ఎస్‌ఎస్‌ఏఓ అనేస్తారు.

ముందు పేరులోని చివరి రెండు మాటలు చూద్దాం. మబ్బు పట్టిన రోజు, దీపాలు వెయ్యకుండా మీ గదిలో గోడలు కలిసే మూల చూడండి. రెండు గోడలకీ ఒకే సున్నం వేసినా మూల కాస్త నల్లగా ఉంటుంది. బీరువా కింద, నేల మీద పెట్టిన బిందె చుట్టూ కూడా అంతే. ఇది సూర్యుడికో బల్బుకో అడ్డం నిలబడితే పడే నీడ కాదు. అన్ని వైపుల నుంచీ వచ్చే పరుచుకున్న వెలుతురు, ఇరుకు చోట్లలోకి తక్కువగా దూరడం వల్ల వచ్చే మసక. ఆ వెలుతురుకి ఎంత మేర అడ్డం పడిందో లెక్క కట్టడమే యాంబియంట్ అక్లూజన్. ఇది లేకపోతే త్రీడీ బొమ్మలో కుర్చీలు నేల మీద ఆనకుండా గాల్లో తేలుతున్నట్టుంటాయి.

సినిమావాళ్ళు దీన్ని నిజాయితీగానే లెక్కకట్టారు. 2001లో వచ్చిన పెర్ల్ హార్బర్ సినిమాకి ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ దీన్ని వాడింది. ఉపరితలం మీద ఒక్కో బిందువు నుంచి అన్ని వైపులకీ కిరణాలు పంపి, ఎన్నింటికి ఏదో ఒకటి తగిలిందో లెక్కపెట్టడం ఆ పద్ధతి. ఒక్క ఫ్రేమ్‌ని కంప్యూటర్ ఎంతసేపు నమిలినా సినిమాకి ఇబ్బంది లేదు. వీడియో గేమ్ సంగతి అలా కాదు. సెకనుకి 60 ఫ్రేములు గీయాలంటే ఒక్కోదానికి దొరికేది 16 మిల్లీసెకన్లు, అందులో ఈ మసక వంతుకి వచ్చేది ఒకటో రెండో.

2007లో జర్మనీకి చెందిన క్రైటెక్ సంస్థ క్రైసిస్ అనే ఆటతో ఒక అడ్డదారి చూపించింది. అక్కడి ప్రోగ్రామర్ వ్లదిమిర్ కజాలిన్‌ది ఆ ఆలోచన. గదిలోని వస్తువులన్నిటితో పని లేకుండా, కార్డు ఇప్పటికే చేత పట్టుకున్న ఒకే ఒక్క బొమ్మ చాలన్నాడు. దాని పేరు డెప్త్ బఫర్. తెర మీద ప్రతి పిక్సెల్ దగ్గరా, అక్కడ కనిపిస్తున్న ఉపరితలం కెమెరాకి ఎంత దూరమో అందులో రాసి ఉంటుంది. ఏది ముందు, ఏది వెనక అని తేల్చుకోవడానికి గ్రాఫిక్స్ కార్డు దాన్ని ఎలాగూ తయారుచేసుకుంటుంది. కాబట్టి అదనపు ఖర్చు లేదు.

హేలో ఎందుకొస్తుందో అర్థం కావాలంటే ఈ డెప్త్ బఫర్ స్వభావం తెలియాలి. ఇంటికి సున్నం వేసేటప్పుడు సామాన్ల మీద పాత దుప్పట్లు కప్పుతాం. అలాంటి ఒక దుప్పటిని కెమెరా వైపు నుంచి గది మొత్తం మీద కప్పి, వస్తువులకి అంటుకునేలా లాగారనుకోండి. స్తంభం ముందు మొహానికి దుప్పటి అంటుకుంటుంది. స్తంభం అంచు దాటగానే నిట్టనిలువుగా వెనక్కి పోయి గోడకి అంటుకుంటుంది. స్తంభం మందమెంత, దాని వెనక ఏముంది, స్తంభానికీ గోడకీ మధ్య మనిషి నడిచేంత ఖాళీ ఉందా అన్నవి దుప్పటికి తెలియవు. డెప్త్ బఫర్‌కి మొహాలు తెలుసు, వీపులు తెలియవు.

మా హాలు కొలతలతోనే లెక్క వేద్దాం. కెమెరాకి స్తంభం 2 మీటర్ల దూరంలో ఉంది, గోడ 6 మీటర్ల దూరంలో. గోడ మీద, స్తంభం అంచుని సరిగ్గా ఆనుకుని కనిపిస్తున్న ఒక బిందువు తీసుకుందాం. ఎస్‌ఎస్‌ఏఓ ఆ బిందువు చుట్టూ గోడకి ఇవతలి వైపున ఒక అర్ధగోళం ఊహించుకుంటుంది. దాని రేడియస్ మనం ఇచ్చేదే. మేము అర మీటరు ఇచ్చాం. ఆ అర్ధగోళంలో 16 శాంపిల్ బిందువులు చల్లుతుంది. ఒక్కో శాంపిల్‌కీ అడిగే ప్రశ్న ఒకటే: తెర మీద నువ్వు పడే పిక్సెల్ దగ్గర డెప్త్ బఫర్‌లో ఉన్న దూరం, నీ దూరం కన్నా తక్కువా? తక్కువైతే ఆ శాంపిల్ ఏదో ఘనపదార్థంలో కూరుకుపోయింది, అక్కడ వెలుతురుకి అడ్డముంది అని రాసుకుంటుంది.

మన బిందువు అంచు మీదే ఉంది కాబట్టి 16 శాంపిళ్ళలో 8 తెర మీద స్తంభం పిక్సెళ్ళలో పడతాయి. అవి నిజానికి గోడ దగ్గర, కెమెరాకి 5.5 నుంచి 6 మీటర్ల మధ్య ఖాళీ గాల్లో ఉన్నాయి. కానీ ఆ పిక్సెళ్ళలో రాసి ఉన్న దూరం 2 మీటర్లు. 2 అనేది 5.8 కన్నా తక్కువే కదా, అందుకని ఎనిమిదికి ఎనిమిదీ "అడ్డముంది" ఖాతాలోకి పోయాయి. గోడ సగం నల్లబడింది. స్తంభం గోడకి 4 మీటర్లు ఇవతల ఉందనీ, అర మీటరు పరిధిలో గోడకి అడ్డమంటూ ఏదీ లేదనీ ఎవరూ అడగలేదు. స్తంభం మొహం నుంచి గోడ దాకా మొత్తం సిమెంటు పోసి నింపేసినట్టు లెక్క సాగిపోయింది.

అంచు నుంచి దూరం జరిగేకొద్దీ స్తంభం మీద పడే శాంపిళ్ళు తగ్గుతాయి. అర్ధగోళం రేడియస్‌లో సగం దూరం జరిగితే 16లో రెండో మూడో. రేడియస్ అంత దూరం జరిగితే సున్నా. బిల్డర్‌కి చెమ్మలా కనిపించిన ఆ పల్చబడే తీరు ఇదే. పట్టీ వెడల్పు కూడా చెప్పొచ్చు. 1080 పిక్సెళ్ళ ఎత్తున్న తెర, నిలువునా 60 డిగ్రీల చూపు ఉన్న కెమెరా అయితే, 6 మీటర్ల దూరంలో అర మీటరు అంటే దాదాపు 78 పిక్సెళ్ళు. 3 మీటర్ల దూరంలో అయితే అదే అర మీటరు 156 పిక్సెళ్ళవుతుంది.

కాబట్టి ఒక మరక హేలోనా, అసలైన మసకా అని తేల్చుకోవడం కష్టం కాదు. కెమెరాని పక్కకి జరపాలి. అసలైన మసక వస్తువుల్ని అంటుకుని ఉంటుంది, హేలో తెర మీది అంచుని అంటుకుని నడుస్తుంది. ఇంకా అనుమానముంటే రేడియస్ మార్చాలి. పట్టీ వెడల్పు దాంతోపాటే సాగి, కుంచించుకుంటే సందేహం అక్కర్లేదు. రంగులన్నీ తీసేసి ఏఓ బొమ్మ ఒక్కదాన్నే తెర మీద వేసుకుంటే మరీ తేలిక. తెల్లకాగితం మీద పెన్సిల్‌తో రుద్దినట్టు దొరికిపోతుంది.

తెల్ల హేలో అని ఇంకో రకముంది. క్రైసిస్ నాటి పద్ధతిలో అర్ధగోళం బదులు పూర్తి గోళం వాడేవారు. చదునైన గోడ మీద పూర్తి గోళం పెడితే సగం శాంపిళ్ళు గోడ లోపలికే పోతాయి. అంటే ఏ అడ్డమూ లేని గోడ కూడా సగం బూడిదరంగులోకి దిగిపోతుంది. బయటికి పొడుచుకొచ్చిన మూలల దగ్గర లోపలికి పోయేవి తక్కువ కాబట్టి అవి చుట్టుపక్కల కన్నా తెల్లగా, సుద్దముక్కతో గీత గీసినట్టు మెరిసేవి. ఉపరితలం ఎటు చూస్తోందో తెలుసుకుని, అటువైపు అర్ధగోళంలోనే శాంపిళ్ళు చల్లడం మొదలెట్టాక ఆ జబ్బు చాలావరకు పోయింది. నల్లది అంత తేలిగ్గా పోలేదు.

నల్లదానికి మొదటి మందు రేంజ్ చెక్. అడ్డంగా కనిపిస్తున్నది మన బిందువుకి రేడియస్ కన్నా ఎంతో దూరంలో ఉంటే దాని మాటకి విలువ తగ్గించడం. కోడ్‌లో మూడు వరుసలు:

```glsl
float gap = max(abs(pointDepth - storedDepth), 0.0001);
float w = smoothstep(0.0, 1.0, radius / gap);
if (storedDepth < sampleDepth - bias) occlusion += w;
```

మన స్తంభానికి ఇది పెట్టి చూద్దాం. గోడ 6, బఫర్‌లో ఉన్నది 2, మధ్య దూరం 4 మీటర్లు. రేడియస్‌ని దాంతో భాగిస్తే 0.125. `smoothstep` దాన్ని ఇంకా నొక్కి దాదాపు 0.043 చేస్తుంది. ఇదివరకు ఒక్కో శాంపిల్ ఒక పూర్తి ఓటు వేసింది, ఇప్పుడు ఓటులో ఇరవయ్యో వంతు కూడా లేదు. ఎనిమిదీ కలిపితే 0.34, దాన్ని 16తో భాగిస్తే 2 శాతం నలుపు. 50 శాతం ఎక్కడ, 2 శాతం ఎక్కడ! మా వ్యూయర్‌లో ఆ మాట రాసి ఉంది కానీ, రేడియస్ దగ్గర ఎవరో పొరపాటున పెద్ద అంకె ఇచ్చారు. మరక వెనకున్న కథ అంతే.

రేంజ్ కన్నా దూరమైనదాన్ని ఒక్కసారిగా కొట్టిపారెయ్యకుండా ఈ మెల్లని జారుడు ఎందుకంటే, గీత గీసి కొట్టేస్తే ఆ గీత తెర మీదే కనబడుతుంది. వస్తువు కదిలి ఆ హద్దు దాటిన క్షణాన మసక టక్కున ఆరిపోతుంది.

ఇక్కడితో అయిపోతే ఈ వ్యాసం అక్కర్లేదు. అదే హాల్లో ఇంకో చోట, గోడకి 40 సెంటీమీటర్ల ముందు ఒక చెక్క పార్టిషన్ ఉంది. మందం 5 సెంటీమీటర్లు. కెమెరాకి దాని దూరం 5.6 మీటర్లు. గోడకీ దానికీ తేడా 0.4, రేడియస్ 0.5 కన్నా తక్కువ. రేంజ్ చెక్ "ఇది దగ్గరి వస్తువే" అని పూర్తి ఓటు ఇచ్చేస్తుంది. పార్టిషన్ నిజంగానే గోడకి కొంత వెలుతురు ఆపుతుంది, కాబట్టి జవాబు సున్నా కాకూడదు. కానీ అంచు దగ్గర పార్టిషన్ వైపు పడే 8 శాంపిళ్ళలో ఇంచుమించు 7, చెక్కకీ గోడకీ మధ్య సందులో, ఖాళీ గాల్లో ఉన్నాయి. ఎస్‌ఎస్‌ఏఓ వాటినీ చెక్కలో కూరుకుపోయినట్టే లెక్కేస్తుంది. సందు పూడ్చేసిన గోడలా నల్లబడుతుంది.

దీనికి మందం ఊహించుకోవాలి. ప్రతి ఉపరితలం వెనకా, ఉదాహరణకి, 10 సెంటీమీటర్ల మేర పదార్థముందనుకుని, శాంపిల్ అంతకన్నా లోతుగా ఉంటే గాలిలో ఉన్నట్టు వదిలెయ్యడం. పార్టిషన్‌కి ఇది బాగా కుదిరింది, సందులోని శాంపిళ్ళు చాలావరకు విడుదలయ్యాయి. కానీ అదే హాల్లో గోడకి ఆనించిన సోఫా ఉంది. దాని లోతు 90 సెంటీమీటర్లు. దానికి కూడా 10 సెంటీమీటర్ల మందమే అనుకుంటే, సోఫా కడుపులోకి పోయిన శాంపిళ్ళని కూడా గాలి అనుకుని వదిలేస్తుంది. సోఫా గోడకి ఆనే చోట ఉండాల్సిన మసక పోయి, వెనక నుంచి ట్యూబులైటు వేసినట్టు సన్నటి తెల్లచార వచ్చింది. నల్ల హేలో తీసి తెల్లది తెచ్చుకున్నాం. చివరికి 25 సెంటీమీటర్ల దగ్గర రాజీపడ్డాం. అది ఆ హాలుకి కుదిరిన అంకె, వంటగదికి మళ్ళీ వేరేది. 2016లో యాక్టివిజన్‌వాళ్ళు బయటపెట్టిన జీటీఏఓ అనే మెరుగైన పద్ధతిలో కూడా మందం విషయానికొచ్చేసరికి ఒక ఊహే ఉంది, కాకపోతే మా అంకె కన్నా తెలివైనది.

ఊహ అక్కర్లేని దారి లేకపోలేదు. దుప్పటి ఒకటి చాలదంటే రెండోది కప్పాలి: ముందు వరస ఉపరితలాలని పక్కకి తీసి, వాటి వెనకున్న వాటికి మరో డెప్త్ బఫర్ గీయాలి. 2009లో ఎన్విడియాకి చెందిన లూయీ బవోయిల్, మిగెల్ సైంజ్ ఇలా పొరలు వాడి చూపించారు. మందం నిజంగా తెలుస్తుంది. కానీ గది మొత్తాన్ని రెండోసారి గీయాలి. చౌక అని ఎంచుకున్న అడ్డదారికి టోల్‌గేట్ పెట్టినట్టే. ఇళ్ళ వాక్‌త్రూలకి నేనైతే దీని జోలికి పోను.

ఇక బ్లర్ సంగతి. 16 శాంపిళ్ళు చాలా తక్కువ, ఏఓ బొమ్మ ఇసక చల్లినట్టు గరుగ్గా వస్తుంది. అందుకని చివర్లో పక్కపక్క పిక్సెళ్ళని, మామూలుగా 4×4 గడిలో, సగటు తీసి నునుపు చేస్తారు. ఈ సగటుకి అంచులంటే గౌరవం లేదు. గడిలో 6 పిక్సెళ్ళు స్తంభానివి, 10 గోడవి అయితే పదహారింటినీ కలిపి కుమ్మేస్తుంది. గోడ నలుపు స్తంభం మీదికి కారుతుంది, స్తంభం తెలుపు గోడ మీదికి. రేంజ్ చెక్ సరిగ్గా పెట్టినా కొందరికి హేలో వదలకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. పొరపాటు శాంపిళ్ళలో ఉందని వెతుకుతుంటారు, అది బ్లర్‌లో కూర్చుని ఉంటుంది. బ్లర్ ఆపి చూస్తే తెలిసిపోతుంది: గరుకు ఉండి పట్టీ లేకపోతే దొంగ బ్లరే.

మందు, బ్లర్‌కి కూడా దూరం చూడ్డం నేర్పడం. మధ్య పిక్సెల్ 6 మీటర్ల దగ్గర ఉంటే, 2 మీటర్ల దగ్గరున్న పిక్సెళ్ళకి ఇంచుమించు సున్నా విలువ ఇచ్చి, తన తోటి గోడ పిక్సెళ్ళ సగటే తీసుకుంటుంది. బైలేటరల్ బ్లర్ అంటారు. పని తగ్గించడానికి ఏఓని సగం సైజులో, 960×540లో లెక్కకట్టి తర్వాత పెద్దది చేస్తుంటారు. ఆ పెద్దది చేసే అడుగులో కూడా ఇదే జాగ్రత్త కావాలి. లేకపోతే ఒక చిన్న పిక్సెల్ నాలుగు పెద్ద పిక్సెళ్ళయి, అంచు పొడుగునా మెట్లు మెట్లుగా మరక తేలుతుంది.

అన్నిటికన్నా చవకైనదీ, జనం మరిచిపోయేదీ చివరికి చెబుతున్నాను. యాంబియంట్ అక్లూజన్ అడ్డుకునేది పరుచుకున్న వెలుతురుని. కిటికీలోంచి నేరుగా పడే ఎండతో దానికి సంబంధం లేదు. అయినా తేలిక కదా అని, పూర్తయిన బొమ్మ మొత్తాన్నీ ఏఓతో గుణించేస్తుంటారు. ఎండ పడుతున్న గోడ పిక్సెల్ వెలుగు 100 అనుకుందాం, అందులో ఎండది 80, పరుచుకున్న వెలుతురుది 20. హేలో 16 శాతం అయితే, మొత్తాన్ని గుణించినప్పుడు 16 పోతుంది. తెల్లగోడ మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పరుచుకున్న వెలుతురుని మాత్రమే గుణిస్తే పోయేది 3.2. ఏ బిల్డరూ పట్టుకోలేరు. హేలో మాయం కాలేదు, దాని చోటులోకి అది వెళ్ళింది. ఎండలో కూడా వస్తువుల చుట్టూ మసి కనబడుతోందంటే నేను మొదట అనుమానించేది ఇక్కడే.

హేలోని కోరి తెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారని చెప్పకపోతే అన్యాయం. క్రైసిస్ రావడానికి ఏడాది ముందు, 2006లో, జర్మనీలో థామస్ లుఫ్ట్, కార్స్టెన్ కోల్డిట్జ్, ఒలివర్ డాయిసెన్ అనే ముగ్గురు, డెప్త్ బఫర్‌ని బ్లర్ చేసి అసలు దాన్లోంచి తీసేసి, ఆ తేడాతో వస్తువుల అంచుల వెనక కావాలనే నీడ వేశారు. గుబురు చెట్లున్న బొమ్మలో ఏ కొమ్మ ముందో ఏది వెనకో కంటికి ఇట్టే తెలియడానికి. చిత్రకారులు చాలాకాలంగా చేసేది కూడా అదే. అందుకే కాబోలు, తొలి ఎస్‌ఎస్‌ఏఓ ఆటల్లో మనుషుల చుట్టూ మసి ఉన్నా చాలామందికి అది తప్పులా తోచలేదు, "బొమ్మకి లోతొచ్చింది" అనుకున్నారు. చెట్ల మధ్య సరే. ఖాళీ తెల్లగోడ దగ్గరికొస్తే మాత్రం చెమ్మే.

మా వాక్‌త్రూలో చివరికి ఉంచినవి ఇవి: రేడియస్ 0.3 మీటర్లు, రేంజ్ చెక్, మందం 25 సెంటీమీటర్లు, దూరం చూసే బ్లర్, ఏఓ పరుచుకున్న వెలుతురు మీదే. పార్టిషన్ పక్కన, వెతికితే దొరికే సన్నని మసి ఇంకా మిగిలింది, అది తీస్తే సోఫా వెనక తెల్లచార వస్తుందని వదిలేశాం. మీ ఇంట్లో పిల్లలు ఆడే ఆటల సెట్టింగ్స్‌లో చాలావాటికి యాంబియంట్ అక్లూజన్ అని ఒక స్విచ్ ఉంటుంది. ఒక మనిషిని లేతరంగు గోడకి నాలుగడుగుల ముందు నిలబెట్టి, దాన్ని వేసి ఆపి చూడండి. తర్వాత కెమెరా పక్కకి జరపండి.